కొత్త స్టాఫ్ నర్సులకు తొలి ఏడాది మెంటార్‌షిప్: అమలు ప్రణాళిక

వార్డు ఇన్‌చార్జి సిస్టర్లకు, మెంటార్లుగా ఎంపికైన సీనియర్ స్టాఫ్ నర్సులకు:

ఆగస్టు 1న మన ఆసుపత్రిలో చేరుతున్న 12 మంది స్టాఫ్ నర్సుల్లో 8 మంది బీఎస్సీ నర్సింగ్, నలుగురు జీఎన్‌ఎం పూర్తిచేసి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో ఇటీవలే రిజిస్టర్ అయినవారు. ట్యూటర్ పర్యవేక్షణలో ఒకరిద్దరు రోగులను చూసిన వీరు ఒక్కసారిగా సగం వార్డు బాధ్యత మోయాల్సి వస్తుంది కనుక, తొలి 12 నెలలు ఈ కింది ఏర్పాటు అమల్లో ఉంటుంది.

ఒక్కో మెంటారుకు ఇద్దరికి మించి అప్పగించము. మెంటారుకు ఆ వార్డులో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. పనితీరు నివేదిక రాసే ఇన్‌చార్జి సిస్టర్ మెంటారుగా ఉండరాదు. నివేదిక రాసేవారి ఎదుట "ఈ ఇన్ఫ్యూజన్ పంపు సెట్ చేయడం నాకు రాదు" అని ఏ కొత్త నర్సూ ఒప్పుకోదు. మొదటి 8 వారాలు వీరికి ఒంటరిగా నైట్ డ్యూటీ వేయరాదు.

మెంటారు, కొత్త నర్సు మొదటి నెల వారానికోసారి, మూడో నెల చివరి వరకు పదిహేను రోజులకోసారి, ఆ తర్వాత నెలకోసారి కూర్చోవాలి. మధ్యాహ్నం హ్యాండోవర్ ముగిశాక 20 నిమిషాలు చాలు, కానీ అది డ్యూటీ వేళలోనే జరగాలి, డ్యూటీ చార్టులో ముందే రాసి ఉండాలి. డ్యూటీ దిగి బస్సు కోసం గడియారం చూసుకుంటున్న మనిషిని ఆపి మాట్లాడిస్తే వచ్చే జవాబు "అంతా బాగానే ఉంది సిస్టర్" ఒక్కటే. "ఏ పని చేస్తున్నప్పుడు భయం వేసింది?" అని నేరుగా అడగండి. రోగి భద్రతకు సంబంధించినవి తప్ప, అక్కడి మాటలు ఇన్‌చార్జి దాకా రానక్కర్లేదు.

లక్ష్యాలను కొత్త నర్సే తన మాటల్లో రాసుకోవాలి. మూడు నెలలకు మూడు మించకూడదు. "మందుల విషయంలో జాగ్రత్తగా ఉంటాను" అన్నది లక్ష్యం కాదు, ఎందుకంటే అది నెరవేరిందో లేదో ఎవరూ చూడలేరు. ఇన్సులిన్‌నే తీసుకోండి. మన ఫార్మసీ నుంచి మిల్లీలీటరుకు 40 యూనిట్ల వయల్స్, 100 యూనిట్ల వయల్స్ రెండూ వస్తాయి; మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ మూత సిరంజి వాడాలి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజిలో 10 గీత వరకు తీస్తే రోగికి వెళ్లేది 25 యూనిట్లు. కాబట్టి "అక్టోబరు చివరికల్లా వయల్, సిరంజి సరిపోల్చి, రెండో నర్సుకు చూపించి, పది డోసులు మెంటారు ఎదుట ఇస్తాను" అని రాయడం సరైన పద్ధతి.

ఆరో నెలలో జంట కుదరలేదనిపిస్తే, కారణం చెప్పకుండానే మెంటారును మార్చమని ఇద్దరిలో ఎవరైనా కోరవచ్చు. మెంటార్లకు ఆ 20 నిమిషాలూ తమ రోగుల బాధ్యత నుంచి విడుపు ఇవ్వడం ఇన్‌చార్జి సిస్టర్ల పని. ఇది సాధ్యం కాని వార్డులు జూలై 20లోగా నాకు రాతపూర్వకంగా తెలియజేయాలి.

నర్సింగ్ సూపరింటెండెంట్