సైట్ ప్రమాద నమోదు: పరంజా మీద నుంచి పడిన మేస్త్రీ
18-07-2024, గురువారం, ఉదయం 10.40. బి బ్లాక్ తూర్పు గోడ.

బయటి ప్లాస్టరింగ్ చేస్తున్న తాపీ మేస్త్రీ (32 ఏళ్లు) సుమారు 4 మీటర్ల ఎత్తు నుంచి ఇసుక కుప్ప అంచున పడ్డాడు. స్పృహలోనే ఉన్నాడు. కుడి మణికట్టు వాచింది, నడుము నొప్పి అన్నాడు. కదిలించకుండా 108 పిలిచాం.

పరంజా పైపులు, క్లాంపులు గట్టిగానే ఉన్నాయి. నిలబడే పలకకు ఒక చివర కట్టు లేదు. తెగిన తాడు ముక్క కూడా కనిపించలేదు, అంటే అసలు కట్టనేలేదు. అడ్డపైపును సామాను ఎక్కించడానికి నిన్న తీశారని హెల్పర్ చెప్పాడు.

హెల్మెట్ ఉంది, పట్టీ బిగించి ఉంది. బెల్టు వేసుకున్నాడు కానీ కొక్కెం తగిలించలేదు. ఆ గోడ వెంట తగిలించేందుకు తాడే లేదు, కాబట్టి దీన్ని అతని నిర్లక్ష్యంగా రాయడం లేదు. కాళ్లకు రబ్బరు చెప్పులు.

రాత్రి వాన పడింది, పలక తడిగా ఉంది. గాలి లేదు.

పని ఆపించాం. ఫొటోలు తీశాం, పలకను ముట్టుకోనివ్వలేదు.

– సేఫ్టీ సూపర్‌వైజర్