ఎంట్రీ 47, ‘ఓపిక’: స్కోర్ షీట్, జడ్జ్ కామెంట్లు

విభాగం: పనిలో మనుషులు (సింగిల్ ఫొటో, కలర్)
ఫైల్: 2100 × 2625 పిక్సెల్స్, నిలువు క్రాప్, రా ఫైల్ కూడా అందింది
ఎక్సిఫ్: ఫుల్ ఫ్రేమ్, 85 ఎంఎం, f/1.8, 1/60, ఐఎస్ఓ 3200

కాంపోజిషన్: 17/25
లైటింగ్: 21/25
కథ: 22/30
టెక్నికల్: 12/20
మొత్తం: 72/100

మిగతా ఇద్దరు జడ్జీలు కూడా ఈ షీట్ చూస్తారు కాబట్టి ఫొటోలో ఏముందో ముందు చెప్పేస్తా. కిటికీ పక్కన కుట్టుమిషన్ ముందు కూర్చున్న ఒక పెద్దాయన, కళ్ళజోడు ముక్కు చివరిదాకా జారింది, సూదిని కళ్ళ ఎత్తుకి లేపి దారం ఎక్కిస్తున్నాడు, నాలుక కొస పెదాల మధ్య నుంచి కాస్త బయటికొచ్చింది. దారం కొస ఇంకా సూది బెజ్జంలోకి వెళ్ళలేదు, వెంట్రుకవాసి దూరంలో ఉంది. ఎంట్రీ పంపినవాళ్ళు ఆ క్షణం కోసం కాచుకుని కూర్చున్నారని తెలిసిపోతోంది, రా ఫైల్ నంబర్ చూసినా బరస్ట్‌లో మధ్యదే అనిపిస్తోంది. ఇలా వెయిట్ చేయడం అందరివల్లా అయ్యే పని కాదు, దానికి నా మెప్పు ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే కింద కొంచెం గట్టిగానే మాట్లాడబోతున్నా.

కాంపోజిషన్ – 17

ముఖం, చేతులు, సూది ఈ మూడూ కలిసి చిన్న త్రికోణంలా కూర్చున్నాయి, కన్ను అటూ ఇటూ పోకుండా అక్కడే తిరుగుతుంది, చాలా బాగుంది. మిషన్ చక్రం కింద కుడి మూలలో సగమే కనిపిస్తున్నా అది ఏంటో అర్థమైపోతోంది, మొత్తం చూపించాల్సిన పని లేదు, ఆ నిర్ణయం కరెక్ట్.

ఇబ్బంది ఎక్కడంటే సూది వెనకాల. అక్కడ తెల్ల బట్ట వేలాడుతోంది, సూది మెరుపు దాంట్లో కలిసిపోయింది, అసలు ఫొటో అంతా దేని చుట్టూ తిరుగుతోందో ఆ వస్తువే వెతుక్కోవాల్సి వస్తోంది. మీరు కెమెరాని ఒక జానెడు కిందకి దించి ఉంటే సూది ఆ బట్ట పైనున్న ముదురు గోడ మీద పడేది, దారం పోగు కూడా గీతలా విడిగా కనిపించేది. నేను ఇక్కడే నాలుగు మార్కులు తీసేశా, ఈ ఫొటోలో ఇది చిన్న విషయం కాదు.

రెండోది ఎడమ అంచు. మధ్యకి కొంచెం కిందగా చర్మం రంగులో ఏదో ముద్దలాంటిది ఫ్రేమ్‌లోకి పొడుచుకొచ్చింది. మొదటిసారి చూసినప్పుడు అదేంటో నాకు అర్థం కాలేదు, షీట్‌లో ‘అంచులో ఏదో ఉంది, ఎందుకు వదిలేశారు’ అని రాసుకున్నా. అదేంటో కథ దగ్గర చెప్తా.

కిటికీ చట్రం ఓ రెండు డిగ్రీలు వాలింది. చాలామంది దీన్ని పట్టించుకోరు, నేను పట్టించుకుంటా గానీ దీనికి మార్కులేం కోయలేదు.

లైటింగ్ – 21

నా నాలుగు స్కోర్లలో శాతం ప్రకారం ఇదే ఎక్కువ, అది ఊరికే రాలేదు. కిటికీ వెలుగు ఒక పక్క నుంచి మెత్తగా వచ్చి ముఖం సగం మీద పడింది, నీడలో ఉన్న బుగ్గ మీద కంటి కింద చిన్న వెలుగు త్రికోణం మిగిలింది, పోర్ట్రెయిట్ తీసేవాళ్ళు రెంబ్రాంట్ లైట్ అనేది అదే. స్టూడియోలో దీన్ని తెప్పించడానికి లైట్‌ని అటూ ఇటూ జరుపుతూ కూర్చుంటారు. ఇక్కడ ఆ పెద్దాయనే తెచ్చుకున్నాడు, బెజ్జం కనపడాలంటే కిటికీ వైపు తిరగాలి కదా, అందుకే తిరిగాడు. లైట్ అందం కోసం పెట్టినట్టు లేకుండా పని కోసం వెతుక్కున్నట్టు ఉంది, ఈ విభాగంలో ఇలాంటిది దొరకడం కష్టం. దారం మీద లేచిన సన్నటి నూగు కూడా వెలుగులో మెరుస్తోంది, జూమ్ చేసి చూడండి.

తగ్గించింది రెండింటికి. వెనక గదిలో ట్యూబ్‌లైట్ వెలుగుతోంది, దాని పచ్చటి ఛాయ గోడ మీదా ఆయన చెవి వెనకా పడింది, కిటికీ వెలుగేమో నీలం వైపు ఉంది, ఈ రెండూ ఒకే వైట్ బ్యాలెన్స్‌కి లొంగవు. ఎడిటింగ్‌లో మాస్క్ వేసి వెనకవైపు పచ్చదనం ఒక్కటే తగ్గించొచ్చు, లేదంటే ఆ లైట్ కాసేపు ఆపమని అడగొచ్చు (అడిగితే ఆయన మూడ్ చెడుతుందేమో అనుకుంటే అడక్కపోవడమే మేలు, అది మీకే తెలియాలి). ఇంకోటి, కళ్ళజోడు ఎడమ అద్దంలో కిటికీ మొత్తం ప్రతిబింబించి ఆ కన్ను మూసుకుపోయింది. సగం అడుగు పక్కకి జరిగితే పోయేది. పోలరైజర్ వేస్తే కొంత తగ్గుతుంది కానీ ఒకటీ రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది, ఇంత తక్కువ వెలుగులో దాని జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

కథ – 22

మీరు పంపిన ఫ్రేమ్ వరకే మాట్లాడితే, వయసైపోయిన కళ్ళు, సన్నటి బెజ్జం, చేతి పట్టు, ఇవన్నీ చూడగానే తెలుస్తున్నాయి, ఎవరూ పక్కన కూర్చుని వివరించక్కర్లేదు. నాలుక కొస బయటికి రావడం మాత్రం ఎవరూ చెప్పి చేయించలేరు, పోజు కాదని గ్యారంటీ ఇచ్చేది అదొక్కటే. నాకు ఈ ఫొటోలో అన్నిటికంటే ఇష్టమైనది అదే.

కానీ ఇక్కడితో ఆగిపోయింది. ఆయన ఎవరి కోసం కుడుతున్నాడు, ఏం కుడుతున్నాడు, తొందరేమైనా ఉందా, ఇవేవీ లేవు. పెద్ద వయసు ముఖం, ముడతలు, పక్క వెలుగు, ఈ మూడూ కలిపిన ఫొటోలు ఈ విభాగంలో ప్రతిసారీ కుప్పలుగా వస్తాయి, మీది వాటికంటే ఒక మెట్టు పైనే ఉంది కానీ ఒక్క మెట్టే.

ఇప్పుడు రా ఫైల్ సంగతి. స్కోర్ వేసేశాకే తెరిచా, రూల్ అదే కాబట్టి. తెరిచి చూస్తే ఎడమ పక్కన పదేళ్ళ కుర్రాడు బనీను మీద నిలబడి ఉన్నాడు, చొక్కా విప్పి ఇచ్చేసినట్టున్నాడు, అది పెద్దాయన ఒళ్ళో ఉంది, కుర్రాడి అరచేయి తెరిచి ఉంది, అందులో ఒక గుండీ. చూపేమో సూది మీదే, ఆయనకంటే వీడే ఊపిరి బిగబట్టినట్టున్నాడు! ఎడమ అంచులో నాకు అర్థం కాని ముద్ద వీడి మోచేయి అన్నమాట. f/1.8 వల్ల కుర్రాడు కొంచెం మసకగా ఉన్నాడు గానీ గుండీ గుండీలాగే కనిపిస్తోంది, ముఖంలో ఆత్రం కూడా తెలుస్తోంది.

మసకగా ఉన్నాడని కోసేశారేమో, లేకపోతే ఒక్క మనిషే ఉంటే క్లీన్‌గా ఉంటుందని అనుకున్నారేమో. క్లీన్ అయితే అయ్యింది, కానీ కథని కోసి అవతల పడేశారు, పోనీ పూర్తిగా కూడా కోయలేదు, మోచేయి మిగిల్చారు. అడ్డం ఫ్రేమ్ అలాగే ఉంచి పంపి ఉంటే నేను ఈ ఒక్క విభాగంలోనే 27 దాకా వెళ్ళేదాన్ని, కాంపోజిషన్‌లో కూడా రెండు మూడు పెరిగేవి. రాని ఫ్రేమ్‌కి మార్కులు వేయలేను కాబట్టి 22 దగ్గరే ఆపా, మనసు మాత్రం ఒప్పుకోలేదు.

‘ఓపిక’ అన్న టైటిల్ నాకు నచ్చలేదు, దానికి మార్కులేం లేవులెండి.

టెక్నికల్ – 12

ఫోకస్ కనుబొమ్మ మీదా కళ్ళజోడు చట్రం మీదా ఉంది, సూది మీద లేదు. ఐ డిటెక్షన్ ఆన్‌లో ఉంటే కెమెరా కన్ను పట్టుకుని కూర్చుంటుంది, సూది అక్కడి నుంచి జానెడు ముందుంది. 85 ఎంఎం, f/1.8, ఒకటిన్నర మీటర్ దూరం అనుకుంటే షార్ప్‌గా ఉండే మందం మూడు, మూడున్నర సెంటీమీటర్లే, రెండూ పట్టుకోవడం జరిగే పని కాదు. f/8 పెడితే పదిహేను సెంటీమీటర్లు వస్తుంది గానీ ఐఎస్ఓ అరవై వేలు దాటుతుంది, అది ఇంకో గొడవ. కాబట్టి ఒకటే ఎంచుకోవాలి, ఈ ఫొటోలో అది సూదే, సింగిల్ పాయింట్ పెట్టి దాని మీద వేస్తే కన్ను కాస్త మెత్తబడినా ఎవరూ ఏమీ అనరు.

1/60 కూడా తక్కువే. కెమెరాలో స్టెబిలైజేషన్ ఉంటే మీ చేతి వణుకు ఆపుతుందేమో గానీ ఆయన చేతి వణుకు ఆపదు, దారం కొస రెండుగా కనపడటానికి కారణం అదే. 1/200 పెట్టి ఐఎస్ఓ పదివేల వరకు వెళ్ళనిచ్చినా నాకు అభ్యంతరం లేదు, గ్రెయిన్ ఉన్న షార్ప్ ఫొటోని క్షమిస్తా, నున్నటి మసకని క్షమించలేను.

ఎడిటింగ్ దగ్గర చేయి ఎక్కువ పడింది. క్లారిటీ బాగా లాగడం వల్ల తల చుట్టూ తెల్లటి అంచు వచ్చింది, ముడతలు చెక్కినట్టున్నాయి, మళ్ళీ నాయిస్ తగ్గించడం వల్ల తెల్ల జుట్టు దూదిలా అయిపోయింది. విగ్నెట్ అయితే నాలుగు మూలల్లో నల్లగా, ఎవరైనా గుర్తుపట్టేంత. మంచి వెలుగు చేతిలో ఉండగా ఇదంతా ఎందుకు చేశారో! భుజం మీద చొక్కా హైలైట్ కొంచెం కాలింది, రాలో మాత్రం డీటెయిల్ ఉంది, తెచ్చుకోవచ్చు.

సైజ్ సంగతి: ఒరిజినల్ 6000 × 4000, మీరు పంపినదాంట్లో నాలుగో వంతు పిక్సెల్స్ కూడా మిగల్లేదు. రూల్ ప్రకారం పొడవు అంచు 2400 దాటింది కాబట్టి ఎంట్రీ చెల్లుతుంది, కానీ 16 × 20 అంగుళాల ప్రింట్ వేస్తే అంగుళానికి 131 పిక్సెల్సే వస్తాయి, దగ్గరికొచ్చి చూసేవాళ్ళకి తేడా తెలిసిపోతుంది.

మిగతా ఇద్దరు జడ్జీల స్కోర్లు

రెండో జడ్జ్: 19, 20, 25, 11. మొత్తం 75. “ఫోకస్ తప్పింది, అయినా ఈ ఫొటో దగ్గరే ఎక్కువసేపు ఆగా. ఆ నాలుక కొసకే 25 ఇచ్చా, ఎవరేమనుకున్నా సరే.”

మూడో జడ్జ్: 16, 22, 20, 14. మొత్తం 72. “వెలుగు సూపర్. సూది కనపడని సూది ఫొటో. విగ్నెట్ తీసేయండి బాబూ.”

కథ మీద మా ముగ్గురికీ ఐదు మార్కుల తేడా వచ్చింది, మాట్లాడుకున్నాం, ఎవరూ మార్చుకోలేదు. సగటు 73. కటాఫ్ 70 కాబట్టి రెండో రౌండ్‌కి వెళ్తుంది.

రెండో రౌండ్‌కి ప్రింట్ ఫైల్ మళ్ళీ పంపాలి, అదే రా నుంచి తీసింది అయ్యుండాలి. క్రాప్, టోన్, రంగు మార్చుకోవచ్చు, ఫ్రేమ్‌లో ఉన్నది చెరిపేయడం, లేనిది కలపడం కుదరదు. మా ముగ్గురి మాటా ఒకటే, పూర్తి అడ్డం ఫ్రేమ్ పెట్టండి, విగ్నెట్, క్లారిటీ సున్నాకి తెండి, చట్రం వాలు సరిచేయండి, చేసేటప్పుడు ఎడమ అంచు జాగ్రత్త, కుర్రాడి అరచేయి కోతకి పోకూడదు. ఫోకస్‌ని ఇప్పుడు ఎవరూ ఏమీ చేయలేరు, షార్పెనింగ్ స్లైడర్‌తో దాన్ని సరిచేయాలని మాత్రం చూడొద్దు.