తమ్ముడి కోసం: ఇంటర్ గణితం 2B పరీక్షకు ముందు పద్నాలుగు సాయంత్రాలు

తమ్ముడూ,

నీ ప్రీఫైనల్ జవాబుపత్రాలను రెండుసార్లు చూశాను. సమాకలనంలో పదకొండు లెక్కలు పోయాయి. అందులో గుర్తు తారుమారై పోయినవి మూడు, అసలు ముట్టుకోనివి రెండు. మిగతా ఆరింటిలో సూత్రాలన్నీ నీకు వచ్చు, కానీ ఏ పద్ధతి వాడాలో తప్పుగా ఎంచుకున్నావు. పాక్షిక భిన్నాలతో నాలుగు వరుసల్లో తేలే లెక్కను విభాగ సమాకలనంతో మొదలుపెట్టి పేజీన్నర రాశావు. అందుకే ఈ ప్రణాళికలో కొత్తగా నేర్చుకునేది తక్కువ, గుర్తుపట్టే సాధన ఎక్కువ.

వృత్తాలు, పరావలయం, అవకల సమీకరణాలు ఉదయం కాలేజీ రివిజన్‌లో జరుగుతున్నాయి కాబట్టి ఇందులో చేర్చలేదు. సాయంత్రాలు మాత్రం పూర్తిగా సమాకలనానికే. ప్రశ్నపత్రంలో ఛాయిస్‌తో కలిపి ఉండే 97 మార్కుల్లో అనిశ్చిత సమాకలనానికి 18, నిశ్చిత సమాకలనానికి 15 దాకా వస్తాయి. ఏడు మార్కుల ప్రశ్నలు ఏడు ఇస్తే వాటిలో మూడు ఇక్కడివే. ఆ మూడూ చేతిలో ఉంటే ఛాయిస్ నీ ఇష్టం.

సోమవారం నుంచి శనివారం వరకు రోజూ సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిది, అంటే రెండున్నర గంటలు. మొదటి ఆదివారం నాలుగు గంటలు, చివరి ఆదివారం రెండే. అన్నీ కలిపితే 36 గంటలు. తొమ్మిది దాటాక పుస్తకం తెరవకు. నిద్ర ఆపుకుని చేసిన లెక్కలో మైనస్ గుర్తు ఎటు పోయిందో నీకే తెలియదు.

చీటీల డబ్బా

పోయిన ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు వంటింటి అలమరలో పాత బిస్కెట్ డబ్బా పెట్టాను, చూశావా? అందులో అరవై చీటీలున్నాయి. ఒకవైపు సమాకలని, వెనకవైపు పద్ధతి పేరు. రోజూ మొదటి ఇరవై నిమిషాలు వాటికే. అమ్మ చీటీ తీసి చూపిస్తుంది, నువ్వు పద్ధతి పేరు చెప్పాలి, అమ్మ వెనక్కి తిప్పి చూస్తుంది. లెక్క చేయకూడదు, పెన్ను కూడా పట్టుకోకూడదు. రోజుకు పదిహేను చీటీలు. తప్పు చెప్పినవి మళ్లీ డబ్బాలోకి, సరిగ్గా చెప్పినవి పక్కన గిన్నెలోకి. డబ్బా ఖాళీ అయితే మళ్లీ నింపి మొదలుపెట్టు. అమ్మకు లెక్కలు రావని మొహమాటపడకు. రావు కాబట్టే దయ చూపదు.

సోమ, మంగళవారాలు: ప్రతిక్షేపణ, 5 గంటలు

రెండు మార్కుల ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఇదే. సమాకల్యంలో ఒక ప్రమేయం, పక్కనే దాని అవకలజం కూర్చుని ఉన్నాయా అన్నదే చూడాలి. ∫ sin(tan⁻¹x)/(1+x²) dx చూడగానే tan⁻¹x = t అని చేయి రాసేయాలి. ∫ eˣ(1+x)/cos²(xeˣ) dx భయపెట్టేలా ఉంటుంది కానీ xeˣ అవకలజం పైన లవంలోనే ఉంది, జవాబు tan(xeˣ) + c. సోమవారం ఇలాంటివి ముప్పై చెయ్యి, ఒక్కోదానికి మూడు నిమిషాలు మించకూడదు. మంగళవారం x² + a², a² − x² వంటి ప్రమాణ రూపాలు, వాటి వర్గమూలాలు. ఆ సూత్రాలను చూడకుండా ఒక తెల్ల కాగితం మీద రాసి గోడకు అంటించు. నా చేతిరాతతో అంటిస్తే పనిచేయదు.

బుధ, గురువారాలు: విభాగ సమాకలనం, 5 గంటలు

మీ కాలేజీలో బై పార్ట్స్ అంటున్నది ఇదే. ఇలేట్ వరుస నీకు కంఠతా వచ్చు, దాని జోలికి వెళ్లను. నీకు పోతున్నది రెండు చోట్ల.

మొదటిది eˣ[f(x) + f′(x)] రూపం. దీన్ని చూసీ విభాగ సమాకలనం మొదలుపెడుతున్నావు, పాపం చివరికి జవాబు వస్తోంది కూడా, కానీ పది నిమిషాలు పోతున్నాయి. ∫ xeˣ/(x+1)² dx తీసుకో. లవంలోని x ను (x+1) − 1 అని రాస్తే 1/(x+1), దాని అవకలజం రెండూ బయటపడతాయి. జవాబు eˣ/(x+1) + c, మూడు వరుసలు. ఇలాంటివి పన్నెండు చెయ్యి.

రెండోది ∫ eᵃˣ sin bx dx. రెండుసార్లు విభాగ సమాకలనం చేశాక మొదటి సమాకలనే తిరిగి వస్తుంది. అప్పుడు దాన్ని I అనుకుని ఎడమవైపుకు తెచ్చుకోవాలి. నువ్వు రెండోసారి u, v లను తారుమారు చేసి I = I దగ్గరకు వచ్చి ఆగిపోయావు. మొదటిసారి దేన్ని u అన్నావో రెండోసారీ ఆ జాతినే u అనాలి. గురువారం దీన్ని పుస్తకం మూసి మూడుసార్లు రాయి.

శుక్రవారం: పాక్షిక భిన్నాలు, 2.5 గంటలు

ఇది నీకు బాగానే వస్తుంది. లవం ఘాతం హారం ఘాతం కన్నా తక్కువో కాదో ముందు చూడు, కాకపోతే భాగించు. ఒక లెక్క మాత్రం తప్పకుండా చెయ్యి: ∫ (x+3)/[(x−1)(x²+1)] dx. A = 2, B = −2, C = −1 రావాలి. జవాబు 2 log|x−1| − log(x²+1) − tan⁻¹x + c. tan⁻¹x ముందు మైనస్ మరచిపోతే C దగ్గర తప్పినట్టు. మిగిలిన సమయం గురువారం మిగిలిపోయినదానికి వాడుకో.

శనివారం: త్రికోణమితి హారాలు, 2.5 గంటలు

పద్నాలుగు రోజుల్లో నేను ఎక్కువ ఆశ పెట్టుకున్నది ఈ రోజు మీదే. ఏడు మార్కుల ప్రశ్నగా ఇది తరచూ వస్తుంది, పైగా దారి ఎప్పుడూ ఒక్కటే. హారంలో a + b cos x ఉంటే tan(x/2) = t. ∫ dx/(5 + 4cos x) తో మొదలుపెట్టు, (2/3) tan⁻¹[(1/3) tan(x/2)] + c వస్తుంది.

తర్వాత అసలు లెక్క: ∫ (2 sin x + 3 cos x + 4)/(3 sin x + 4 cos x + 5) dx. లవాన్ని A(హారం) + B(హారం అవకలజం) + C గా విడగొట్టు. sin x గుణకాల నుంచి 3A − 4B = 2, cos x గుణకాల నుంచి 4A + 3B = 3. A = 18/25, B = 1/25, C = 2/5. మొదటి ముక్క నుంచి 18x/25, రెండో ముక్క నుంచి (1/25) log|3 sin x + 4 cos x + 5| వస్తాయి. మూడో ముక్కలో t పెట్టగానే హారం (t+3)² అవుతుంది. 3, 4, 5 అంకెలు కావాలనే ఇచ్చారు, 9 + 16 = 25 కాబట్టే అది పూర్ణవర్గం అయింది. అంకెలు మారితే tan⁻¹ రావచ్చు, log రావచ్చు. ఆఖరి పదం −4/[5(3 + tan(x/2))]. దీన్ని శనివారం రెండుసార్లు, ఆదివారం పొద్దున్న ఒకసారి చెయ్యి. పదిహేను నిమిషాల్లో ముగియాలి.

మొదటి ఆదివారం: కలగూరగంప, 4 గంటలు

పొద్దున్న రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. పొద్దున్న పాత ప్రశ్నపత్రాల నుంచి అనిశ్చిత సమాకలనులే ఇరవై ఎంచి, ఏ అధ్యాయం వరుసా లేకుండా కలిపేసి చెయ్యి. పుస్తకంలో అభ్యాసం పేరే పద్ధతి చెప్పేస్తుంది, పరీక్షలో ఎవరూ చెప్పరు. సాయంత్రం తప్పినవి మళ్లీ. ప్రతి తప్పు పక్కన మూడింటిలో ఒకటి రాయి: పద్ధతి, గుర్తు, తెలియదు. రాత్రి తొమ్మిదింపావుకు ఫోన్ చేస్తాను, ఆ మూడు సంఖ్యలు చాలు, ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ‘పద్ధతి’ నాలుగు దాటితే సోమవారం కొత్త పాఠం ఆపి మళ్లీ చీటీలకే ఒక గంట ఇద్దాం.

రెండో సోమవారం: వర్గమూలంలో వర్గసమాసం, 2.5 గంటలు

(px+q)√(ax²+bx+c) రూపం. ∫ (6x+5)√(6−2x²+x) dx లో 6x+5 = A(1−4x) + B అనుకుంటే A = −3/2, B = 13/2. అక్కడి నుంచి ఓపికే తప్ప తెలివి అక్కర్లేదు. వర్గాన్ని పూర్తి చేసేటప్పుడు −2 బయటకు తీయడం మరవకు. మూడు లెక్కలు చాలు.

మంగళవారం: లఘూకరణ సూత్రాలు, 2.5 గంటలు

sinⁿx, cosⁿx, tanⁿx కు సూత్రం రాబట్టడం చూడకుండా రావాలి. వాటిలో tanⁿx చిన్నది, ముందు దానితో ధైర్యం తెచ్చుకో. secⁿx సమయం ఉంటేనే.

బుధ, గురువారాలు: నిశ్చిత సమాకలనులు, 5 గంటలు

ప్రతిక్షేపణ చేస్తే అవధులు మార్చాలి. ప్రీఫైనల్‌లో t కు x అవధులు వేశావు, అదొక్కటే రెండు మార్కులు తినేసింది. బుధవారం అదీ, 0 నుంచి π/2 వరకు sinⁿx కూడా. n = 6 అయితే 5π/32, n = 7 అయితే 16/35. బేసి సంఖ్యకు π/2 అంటించే అలవాటు నీకుంది, మానుకో.

గురువారమంతా x బదులు a − x వేసే ధర్మానికే. 0 నుంచి π/4 వరకు log(1+tan x) సమాకలని (π/8) log 2. 0 నుంచి π వరకు x sin x/(1+cos²x) సమాకలని π²/4. ఈ రెంటినీ చేసి చూస్తే ఆ ధర్మం ఎందుకుందో నీకే తెలుస్తుంది. రెండోదానిలో ఇబ్బందిపెట్టే x మాయమైపోతుంది, నాకిప్పటికీ అది చూడముచ్చటే.

శుక్రవారం: వైశాల్యాలు, మొత్తం అవధి, 2.5 గంటలు

ముందు బొమ్మ గీయి. y² = 4x, x² = 4y మధ్య వైశాల్యం 16/3. మొత్తం అవధికి 1/(n+1) నుంచి 1/6n వరకు కూడితే log 6 వచ్చే లెక్క ఒక్కటి. ఈ రోజు తొందరగా అయిపోతే లేచిపో, బయట తిరిగి రా.

శనివారం: గడియారం పెట్టుకుని, 2.5 గంటలు

ఒక పాత ప్రశ్నపత్రం పూర్తిగా, వృత్తాలతో సహా. ఏడు మార్కులవి అయిదు పదిహేనేసి నిమిషాలు, నాలుగు మార్కులవి అయిదు తొమ్మిదేసి, రెండు మార్కులవి పది మూడేసి. మొత్తం 150 నిమిషాలు, అంటే సరిగ్గా మన రెండున్నర గంటలు. పరీక్షలో ఇంకో అరగంట ఉంటుంది, అది గుర్తులు సరిచూడటానికి. ఈ ఒక్కరోజు చీటీలు వద్దు.

చివరి ఆదివారం: 2 గంటలు

ఇరవై నిమిషాలు చీటీలు. గోడ మీది సూత్రాలు ఇంకోసారి చూడకుండా రాసి, గోడమీదిదానితో పోల్చు. ఆ తర్వాత గత ఆదివారం ‘తెలియదు’ అని రాసుకున్నవాటిలో రెండు తిరిగి చెయ్యి. అప్పటికీ రాకపోతే వదిలెయ్, ఆ ప్రశ్న వస్తే ఛాయిస్‌లో పోతుంది. కొత్త లెక్క ఏదీ ముట్టుకోకు, మీ స్నేహితుడెవరైనా ముఖ్యమైన ప్రశ్నలంటూ పంపినా సరే.

హాల్‌టికెట్, రెండు పెన్నులు, వాచీ రాత్రే సంచిలో పెట్టు. సోమవారం పరీక్ష తొమ్మిదింటికి కాబట్టి ఏడున్నరకు ఇంట్లోంచి బయలుదేరు. ఆ పొద్దున్న నేను ఫోన్ చేయను. అయిపోయాక నువ్వే చెయ్యి, కానీ ముందు భోజనం.

– అక్క