మూసీ వీడియో ప్రాజెక్టు: 9వ తరగతి బి సెక్షన్ విద్యార్థులకు ఉత్తరం

హైదరాబాద్,
3 నవంబరు 2025

ప్రియమైన విద్యార్థులకు,

ఈ నెల మీ సోషల్ ప్రాజెక్టు చార్టు మీద కాదు, వీడియోగా చేస్తారు. అంశం మూసీ, హైదరాబాద్ నీళ్లు. ఐదుగురు చొప్పున ఏడు గ్రూపులు. పేర్ల జాబితా క్లాసు బోర్డు మీద పెట్టాను. స్నేహితులంతా ఒకే గ్రూపులో ఉండాలని అడగకండి, మార్చను. ఈ ఉత్తరాన్ని ఇంట్లో అమ్మానాన్నలకు కూడా చూపించండి. ఫోను, బయటికెళ్లే అనుమతి వాళ్లే ఇవ్వాలి కదా.

ఒక్కో గ్రూపు ఒక్కో ప్రశ్న తీసుకోవాలి. "మూసీ చరిత్ర" అని తీసుకుంటే ఐదు నిమిషాల్లో ఏదీ చెప్పలేరు. "1908 వరద తర్వాత నగరం ఏం చేసింది?" అంటే చెప్పగలరు. ఆ ఏడాది సెప్టెంబరు 28న వరద వచ్చింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన రెండు జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసా మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఇంత చిన్న ప్రశ్నలోనే కారణం, పని, ఫలితం మూడూ ఉన్నాయి. 1578 నాటి పురానాపూల్ గురించో, ఈసా మూసీలో కలిసే లంగర్ హౌజ్ దగ్గరి చోటు గురించో, మీ ఇంటికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయనో కూడా అడగొచ్చు. ప్రశ్న చివర ప్రశ్నార్థకం ఉండాలి. వీడియో చివరికి దానికి జవాబు దొరకాలి.

నిడివి 4 నుంచి 5 నిమిషాలు, టైటిళ్లు, పేర్లు కలిపి. మనం తెలుగులో తొందరపడకుండా చదివితే నిమిషానికి దాదాపు 90 మాటలు వస్తాయి. మధ్యలో బొమ్మ ఒక్కటే కనబడే చోట్లు, ఇంటర్వ్యూ పోను స్క్రిప్టు 300 నుంచి 350 మాటలు దాటకూడదు. అంటే నోట్‌బుక్కులో మూడు పేజీలు కూడా ఉండదు. ఆరేడు పేజీలు రాసి తర్వాత గబగబా చదివేయడమే ఈ పనిలో ఎక్కువ మంది చేసే తప్పు. గడియారం పెట్టుకుని పైకి చదవండి, ఎక్కువైతే కోసేయండి.

ఐదుగురికి ఐదు పనులు. ఒకరు సమాచారం సేకరించి, ఏది ఎక్కడిదో రాసి పెట్టాలి. ఒకరు స్క్రిప్టు రాయాలి. ఒకరు కెమెరా, ఒకరు సౌండ్, ఒకరు ఎడిటింగ్. కెమెరా ముందు మాట్లాడేది సౌండ్ చూసేవారు తప్ప ఎవరైనా కావచ్చు. తన గొంతును తనే మాట్లాడుతూ పరీక్షించడం కుదరదు. ఎడిటింగ్ చేసేవారే గ్రూపు లీడరుగా ఉంటే మంచిది, ఏ షాటు తక్కువైందో ముందుగా తెలిసేది వారికే.

స్క్రిప్టు పేజీని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమ పక్క కనబడేది, కుడి పక్క వినబడేది. ఉదాహరణకు కుడి పక్క "మూసీ నది మన నగరానికి ఎంతో ముఖ్యమైనది" అని రాశారనుకోండి. ఎడమ పక్క ఏం రాస్తారు? ఏమీ తోచదు. అదే "ఈ చింతచెట్టు ఎక్కి 1908 వరదలో సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు" అని రాస్తే, ఎడమ పక్క ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఆ చెట్టు, దాని కొమ్మలు, కొమ్మల నుంచి నేల దాకా ఉన్న ఎత్తు వస్తాయి. ఎడమ పక్క ఖాళీగా మిగిలిన వాక్యాన్ని తీసేయండి, లేదా మార్చి రాయండి. వరద మృతుల సంఖ్య ఒక్కో చోట ఒక్కోలా కనిపిస్తుంది. మీరు వాడిన సంఖ్య ఏ పుస్తకం, ఏ పత్రిక నుంచి తీసుకున్నారో తెర మీద చిన్న అక్షరాల్లో చూపాలి. వాట్సాప్‌లో వచ్చింది ఆధారం కాదు.

ఇక సౌండ్. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూసేవాళ్లు ఓర్చుకుంటారు, మాట వినబడకపోతే ఓర్చుకోరు. నయాపూల్ మీద నిలబడి చేయి చాచిన దూరంలో ఫోను పెట్టి మాట్లాడితే రికార్డయ్యేది బస్సు హారన్లే. రెండో ఫోన్లో వాయిస్ రికార్డర్ తెరిచి, మాట్లాడేవారి చొక్కా జేబులో మైకు పైకి ఉండేలా పెట్టండి. నోటికి జానెడు దూరం చాలు. రెండు ఫోన్లూ ఆన్ చేశాక ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఎడిటింగులో ఆ చప్పుడును, చేతులు కలిసిన బొమ్మను ఒకచోటికి తెస్తే మాట పెదవులకు సరిపోతుంది. గాలి వీస్తుంటే మైకు మీద పల్చటి గుడ్డ కప్పండి. వెనక నుంచి వినబడే కామెంటరీని ఇంట్లో, ఫ్యాను ఆపి, పరుపులు, బట్టలు ఉన్న గదిలో చదవండి. ఖాళీ గదిలో గొంతు మోగుతుంది. ఎక్కడైనా సరే, మొదటి పది సెకన్లు రికార్డు చేసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాకే అసలు పని మొదలుపెట్టండి.

కెమెరా గురించి కొద్దిగానే చెబుతాను. ఫోను అడ్డంగా పట్టాలి, 1080p, 30 ఫ్రేములు, అందరి ఫోన్లలో ఇదే సెట్టింగు. లెన్స్ తుడవాలి. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి, కాల్ వస్తే రికార్డింగు ఆగిపోవచ్చు. ప్రతి షాటు కనీసం పది సెకన్లు కదలకుండా తీయండి. మూడు సెకన్ల ముక్కలతో ఎడిటరు ఏమీ చేయలేరు. పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా వెలుతురు బాగుంటుంది, ట్రాఫిక్ కూడా తక్కువ.

బయటికి వెళ్లినప్పుడు ప్రతి గ్రూపుతో ఒక పెద్దవారు తప్పనిసరి. నీళ్లలోకి దిగొద్దు, వంతెన గోడ ఎక్కొద్దు. ఆసుపత్రిలో ముందుగా అనుమతి అడగండి. రోగుల ముఖాలు ఎక్కడా కనిపించకూడదు. హైకోర్టు వైపు కెమెరా తిప్పొద్దు. ఎవరితోనైనా మాట్లాడితే వాళ్ల ఒప్పుకోలు కెమెరా ముందే చెప్పించుకోండి. "వరదలు వచ్చాయా?" అంటే "ఆ" అంటారు, అంతే. "నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూపిస్తారా?" అని అడగండి.

మార్కులు మొత్తం 20. ఇందులో 15 గ్రూపువి:
విషయం సరిగ్గా ఉండి, ఆధారం చూపి, ప్రశ్నకు జవాబిస్తే 6.
స్క్రిప్టుకు 3.
ప్రతి మాటా స్పష్టంగా వినబడితే 3.
మాటకు తగిన బొమ్మ ఉంటే 2.
నిడివి, గడువు రెండూ పాటిస్తే 1.

మిగతా 5 ఎవరివి వారివే. మీరు చేసిన పని గురించి ఒక పేజీ రాసివ్వాలి, దానికి 3. వీడియో చూశాక నేను అడిగే రెండు ప్రశ్నలకు జవాబు చెబితే 2. ఆ ప్రశ్నలు మీ పని మీదే కాదు, గ్రూపు మొత్తం అంశం మీద ఉంటాయి. ఎఫెక్టులకు, ఖరీదైన ఫోనుకు మార్కుల్లేవు. సినిమా పాటలు వాడొద్దు, హక్కులు మనవి కావు. వెనక సంగీతం లేకపోయినా ఏ నష్టమూ లేదు. గ్రూపులో ఎవరి దగ్గరా ఫోను లేకపోతే నాకు చెప్పండి, స్కూలు ట్యాబ్ ఇస్తాను.

స్క్రిప్టు నవంబరు 10న నా చేతికి రావాలి. నేను సంతకం పెట్టాకే షూటింగ్. 15, 16 తేదీలు శని, ఆదివారాలు, షూటింగ్‌కు అవే పెట్టుకోండి. 21న ఎడిటింగ్ సగమైనా సరే తెచ్చి చూపాలి, తప్పులు దిద్దుకునే వీలు అప్పుడే ఉంటుంది. పూర్తయిన వీడియో 28న పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నాణ్యత పడిపోతుంది. ఫైలు పేరు ఇలా ఉండాలి, మీ గ్రూపు నంబరుతో:

```
9B_G3_MUSI.mp4
```

షూట్ చేసిన ఒరిజినల్ ఫైళ్లను మార్కులు వచ్చేదాకా చెరిపేయకండి. అదే రోజు ఇంకో ఫోన్లోకో కంప్యూటర్లోకో కాపీ చేసి ఉంచండి.

సందేహాలుంటే మధ్యాహ్నం భోజనం బెల్లు తర్వాత కంప్యూటర్ ల్యాబ్‌కు రండి, రోజూ అక్కడే ఉంటాను. మీ ప్రశ్నను మాత్రం ఈ గురువారంలోగా ఒక కాగితం మీద రాసివ్వండి. రెండు గ్రూపులు ఒకటే ప్రశ్న తెస్తే ముందు ఇచ్చినవారికే అది.

ఇట్లు,
మీ సోషల్ టీచర్