రవీంద్ర గారికి మెయిల్: తిరగరాసింది

లావణ్యా,

గుంటూరు సేల్స్ ఫైలు ఆలస్యంగా వస్తోందని రవీంద్ర గారికి రాసి, రాత్రి పన్నెండింటికి నువ్వు నాకు పంపిన డ్రాఫ్టు పొద్దున కాఫీ తాగుతూ చదివాను. ఆయనకు ఇంకా పంపలేదన్నావు, మంచి పని చేశావు. నీకు కోపం రావడంలో తప్పేమీ లేదు. అయితే ఇది చదివాక ఆయనకు నీ కోపం తప్ప ఇంకేమీ తెలీదు. నువ్వు రాసింది ఉన్నదున్నట్టు కింద పెడుతున్నా. గుంటూరు బ్రాంచిలో కౌంటరు దగ్గర నువ్వే కూర్చుని, ఎదురుగా ఇద్దరు కస్టమర్లు నిలబడి ఉండగా చదువుతున్నట్టు అనుకుని ఒకసారి చూడు.

సబ్జెక్టు: మళ్లీ ఒకసారి గుర్తు చేయడం (ఇదే ఆఖరిసారి కావాలని ఆశిస్తూ)

రవీంద్ర గారికి నమస్కారం. మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను. బ్రాంచిలో పని ఒత్తిడి ఎలా ఉంటుందో నాకు తెలియంది కాదు, అందుకే నేనెప్పుడూ ఏమీ అనను. నిన్న సాయంత్రం మీ ఫైలు వచ్చింది, చాలా సంతోషం. కనీసం 11నాడైనా వచ్చింది. జీఎస్టీ రిటర్ను అంటే బటన్ నొక్కితే అయిపోతుందని కొందరు అనుకుంటారు, వాళ్ల తప్పు కాదు, చేసేవాళ్లకు గానీ తెలీదు. మాకూ ఇల్లూ వాకిలీ ఉన్నాయన్న సంగతి అప్పుడప్పుడు గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది. నిన్న మా పాప పడుకున్నాక ఇంటికి వెళ్లాను, అయినా ఫర్వాలేదు, నేనేమీ అనుకోవడం లేదు. పోయిన నెల తెనాలి వర్క్‌షాప్ బిల్లు ఎలా మిస్ అయ్యిందో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు, బహుశా నా కళ్లే సరిగ్గా లేవేమో. ఆ కస్టమర్ మాటలు పడింది మాత్రం నేనే. మిగతా వాళ్లంతా టైముకే పంపుతున్నారు మరి. ఇది కంప్లయింట్ అనుకోవద్దు. ఎండీ గారికి సీసీ పెట్టింది కూడా సమాచారం కోసమే. ఇకమీదట కాస్త ముందుగా పంపితే అందరికీ మంచిది. మీ ఇష్టం.
– లావణ్య

ఇందులో నాకు బాగా గుచ్చుకున్నది 'మీ ఇష్టం' కాదు, ఆ 'కాస్త ముందుగా'. ఇంత పొడుగు మెయిల్‌లో ఫైలు ఏ తేదీకి కావాలో ఎక్కడా లేదు! గడువు 11 అని ఆయనకు తెలుసు. 11 సాయంత్రం నాలుగింటికి పంపితే గడువులోనే ఇచ్చానన్నది ఆయన లెక్క. ఆ తర్వాత నువ్వు ఒక్కో బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు సరిచూసుకోవాలి, వాపసు సరుకు క్రెడిట్ నోట్లు కలపాలి, మన విజయవాడ బిల్లులతో జతచేయాలి. ఇదంతా ఆయనకు ఎవరు చెప్పారు? ఈ-ఇన్వాయిస్ ఉన్న కంపెనీల్లో బిల్లులు వాటంతటవే అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లోకి వచ్చి కూర్చుంటాయి. మన టర్నోవర్ 5 కోట్లు దాటలేదు, మనకది లేదు. ఆయన అంతకుముందు పనిచేసింది పెద్ద షోరూమ్‌లో, అక్కడ ఇదంతా చూసి ఉండరు.

'నేనెప్పుడూ ఏమీ అనను', 'నేనేమీ అనుకోవడం లేదు', 'కంప్లయింట్ అనుకోవద్దు' – మూడుచోట్లా నువ్వు అనేది అంటూనే అనలేదంటున్నావు. తీసేశాను. పాప సంగతి తీయడానికి మనసొప్పలేదు గానీ ఆలస్యం వల్ల నీకు కష్టమవుతోందని ఒక్క వాక్యంలో నేరుగా చెప్తే చాలు, పాపను మధ్యలోకి తేనక్కర్లేదు. 'మిగతా వాళ్లంతా' అన్నావు, మనకున్నవి రెండే బ్రాంచీలు తల్లీ.

తెనాలి బిల్లు సంగతి ఎత్తిపొడుపులో పోయింది, అసలు బలమైన పాయింటు అదే. ఏం జరిగిందో, ఎంత డబ్బు ఆగిందో రాస్తే చాలు, మందలించక్కర్లేదు. ఎండీ గారి సీసీ తీసేశాను. ఆయన పేరు కనబడితే రవీంద్ర గారు నీకు కాదు, ఎండీ గారికి జవాబు రాస్తారు.

ఇంకో మాట. ఆయన ఆలస్యానికి కారణం ఏమిటో నీకూ తెలీదు, నాకూ తెలీదు. సేల్స్ వాళ్లు వాపసు సరుకు లెక్క ఇచ్చేదాకా ఫైలు పట్టుకు కూర్చుంటున్నారని నా అనుమానం. అందుకే కొత్త మెయిల్‌లో అడిగేశాను. జూన్‌లో మన సిస్టమ్ పడిపోతే ఆయన ఆదివారం వచ్చి బిల్లులు మళ్లీ ఎక్కించారని నువ్వే చెప్పావు కదా, అదీ రాశాను. తియ్యగా ఉండాలని కాదు, జరిగింది కాబట్టి.

ఇదిగో, ఇది పంపు:

సబ్జెక్టు: గుంటూరు సేల్స్ ఫైలు ప్రతి నెలా 7కి కావాలి

రవీంద్ర గారూ, నమస్తే.

గుంటూరు సేల్స్ ఫైలు ఇకనుంచి ప్రతి నెలా 7వ తేదీ సాయంత్రానికల్లా నాకు కావాలి. జులై బిల్లులు ఆగస్టు 10 రాత్రి, ఆగస్టు బిల్లులు నిన్న 11 సాయంత్రం నాలుగింటికి అందాయి. జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీయే. నంబర్లు, క్రెడిట్ నోట్లు చూసుకోవడానికి నాకు రెండు రోజులు పడుతుంది. నిన్న రాత్రి 11 గంటలు దాటాక ఫైల్ చేశాను, మూడు బిల్లుల్లో జీఎస్టీ నంబరు తప్పుంటే అప్పటికప్పుడు సరిచేశాను. ప్రతి నెలా ఇలా చేయడం నాకు కష్టంగా ఉంది.

జులై ఫైలులో తెనాలి వర్క్‌షాప్ బిల్లు ఒకటి లేదు (46,020 రూపాయలు). హడావిడిలో నేనూ పట్టుకోలేకపోయాను. ఆగస్టు 14న వాళ్ల పన్ను క్రెడిట్ చూపే 2బీ స్టేట్‌మెంటులో ఆ బిల్లు కనబడకపోయేసరికి వాళ్లు పన్ను 7,020 పట్టుకుని మిగతా 39,000 మాత్రమే వేశారు. బిల్లును ఆగస్టు రిటర్నులో కలిపాను. ఈ నెల 14 తర్వాత వాళ్లకు కనబడుతుంది, బ్యాలెన్స్ వసూలు గురించి మీరు ఒకసారి వాళ్లతో మాట్లాడగలరా?

వాపసు సరుకు లెక్క కోసం ఫైలు ఆగుతోందా? అదే అయితే రెండు ముక్కలుగా పంపండి: నెలాఖరు వరకు బిల్లులు 3వ తేదీకి, క్రెడిట్ నోట్లు 7కి. వేరే ఇబ్బంది ఏదైనా ఉంటే చెప్పండి, అక్కడి ఫార్మాట్ మార్చాలన్నా నేను చేసిస్తాను. 7కి కుదరని నెల ముందురోజు ఒక్క మెసేజ్ పెట్టండి. రాకపోతే 8 పొద్దున నేనే ఫోన్ చేస్తాను.

జూన్‌లో మీరు ఆదివారం వచ్చి బిల్లులన్నీ మళ్లీ ఎక్కించకపోతే ఆ నెల గడువు దాటిపోయేది. అది నేను మర్చిపోలేదు.

అక్టోబరు నుంచి ఇలా మొదలుపెడదామా? రేపటికల్లా చెప్పండి.

– లావణ్య

ఆగస్టు 10 రాత్రి అన్నది నువ్వు ఫోన్‌లో చెప్పిన మాట. పంపేముందు ఇన్‌బాక్స్‌లో టైము చూసుకో. 9 అని తేలితే ఆ ఒక్క తేదీ పట్టుకునే ఆయన మొత్తం మెయిల్ కొట్టిపారేస్తారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పంపు, పొద్దున బ్రాంచిలో రష్ ఉంటుంది.

– శ్రీదేవి అక్క