ఆ ఒక్క మెట్టుకి మా అవ్వ పసుపు పెట్టేది కాదు

అలిపిరి నుంచి కొండకి నడిచెళ్ళినవాళ్ళు మెట్ల పూజ చూసే ఉంటారు. చేతిలో పసుపు గిన్నె, పక్కన కుంకుమ పట్టుకుని ఒక తోడు, వంగిన నడుము వంగినట్టే. సుమారు 3,550 మెట్లు. మామూలుగా ఎక్కేవాళ్ళు మూడు నాలుగు గంటల్లో పైకి చేరిపోతారు. ప్రతి మెట్టుకీ బొట్టు పెట్టుకుంటూ పోతే పొద్దు గూకుతుంది.

మా అవ్వ ఏటా పెట్టేది. అన్ని మెట్లకీ. ఒక్కదానికి తప్ప.

తలయేరుగుండు దాటాక, గాలిగోపురం ఇంకా రాకముందు, ఒకచోట అవ్వ చెయ్యి ఆగేది. నడుము నిలబెట్టి, కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని, ఆ మెట్టు మీద కాలు పెట్టకుండా దాటేది. దాని పై మెట్టు దగ్గర మళ్ళీ వంగేది. వెనకాల వచ్చేవాళ్ళకి ఆమె అలుపు తీర్చుకుంటోంది అనిపించేది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. కుంకుమ భరిణె నా చేతిలో ఉండేది.

"అవ్వా, ఒకటి మర్చిపోయినావు."

"మర్చిపోలేదు నాయినా. అది నాది కాదు."

"మరి ఎవురిది?"

"కుంకుమ ఒలక్కుండా పట్టుకో."

అంతే. తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఇంతకు మించి ఒక్క మాట రాలేదు. అది ఆమెది కాకపోతే మిగతా మూడు వేల చిల్లర మెట్లూ ఆమెవేనా అని ఆ వయసులో నాకు పెద్ద అనుమానం. ఆ అనుమానం నన్ను వదల్లేదు. ముప్పై ఏళ్ళ తర్వాత 184 పేజీలయింది.

నా మొదటి నవల పేరు 'వదిలేసిన మెట్టు'.

మొన్న దీని గురించే ఒక పోస్టు పెట్టాను. పుస్తకం పేరు, వెల, తేదీ, అందరూ తప్పక విచ్చేయాలని ప్రార్థన. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మా అక్క చదివి ఫోన్ చేసి ఒకటే అడిగింది: "ఇందులో అవ్వ యాడుందిరా?" నా దగ్గర జవాబు లేదు. ఆ పోస్టు తీసేసి ఇది రాస్తున్నాను.

అవ్వ పసుపు కలిపే పద్ధతి చెప్పాలి మీకు. ఇత్తడి చెంబులో కలిపేది. పల్చనైతే రాయి మీద నిలవదు, కారిపోతుంది. గట్టిగా ఉంటే రాయికి అంటదు, పెళ్ళలుగా ఊడొస్తుంది. రెండింటికీ మధ్య ఆమెకి తెలిసిన చిక్కదనం ఒకటుంది. మూడు వేళ్ళు ముంచి ఎడమ నుంచి కుడికి ఒక్క గీత. దాని మీద ఉంగరం వేలితో కుంకుమ. తెల్లవారుజామున అలిపిరిలో మొదలుపెడితే ఎండ ఎక్కేసరికి రాళ్ళు వేడెక్కి, పసుపు పూసీ పూయకముందే ఆరిపోయేది. అప్పుడు చెంబులో రెండు చుక్కలు నీళ్ళు వేసుకునేది. ఇంటికొచ్చాక వారం రోజులు ఆమె గోళ్ళ సందుల్లో పసుపు ఉండేది. ఆ చేత్తోనే సంగటి ముద్ద చేసి పెట్టేది.

2021లో మరమ్మతుల కోసం అలిపిరి దారి కొన్నాళ్ళు మూసేశారు. అప్పటికే అవ్వ నడక ఇంటి గడప వరకే. పేపర్లో చదివి చెప్పగానే ఆమె ముఖం మారిపోయింది.

"మెట్లు కూడా తీసేస్తా ఉండారా?"

"లేదవ్వా, పైకప్పు పనులంట."

నమ్మలేదు. దారి మళ్ళీ తెరిచారని తెలిసిన రోజు నన్ను పిలిచి చెంబు చేతికిచ్చింది. పసుపు కలపలేదు. ఖాళీ చెంబు. "పోయి చూసిరా. అది ఉందా లేదా, అంతే చెప్పు. ఇంకేం చెప్పొద్దు."

వెళ్ళాను. చూశాను. వచ్చి చెప్పాను.

నేను చెప్పింది విని అవ్వ ఏం చేసిందో అదే నవల చివరి పేజీ. ఈ పుస్తకంలో ఒక్క అక్షరం మార్చకుండా జరిగింది జరిగినట్టు రాసిన పేజీ కూడా అదొక్కటే. మిగతాదంతా నేను అల్లింది. అవ్వ నోరు విప్పలేదు కాబట్టి అల్లక తప్పలేదు. ఆ మెట్టు ఎవరిదో, ఎందుకు వదిలేసిందో నాకు నేను చెప్పుకున్న జవాబు ఈ కథ. మీకు వేరే జవాబు తోచవచ్చు. రాతప్రతి చదివిన ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. అందులో ఒకరు మా అక్క. ఆమె చెప్పింది విన్నాక పదకొండో అధ్యాయం మొత్తం తీసేసి మళ్ళీ రాశాను.

ఇది భక్తి పుస్తకం కాదు, స్థలపురాణమూ కాదు. కొండకి ఎక్కే దారిలో ఒక ఆడమనిషి జీవితం. గాలిగోపురం దగ్గర నీడలో చెప్పుల్లేని కాళ్ళు చాపుకుని కూర్చున్న ఆడవాళ్ళు మాట్లాడుకునే మాటలున్నాయి. అవ్వాచారి కోన మీద ఒక అధ్యాయం ఉంది. చిన్నప్పుడు ఆ పేరు మా అవ్వను బట్టి వచ్చిందనే అనుకునేవాణ్ణి. మోకాళ్ళ మిట్ట దగ్గర ఒక గొడవ ఉంది. దాని గురించి ఇక్కడ చెప్పను.

మొదటి పేజీ నుంచి కొంచెం:

"పసుపు నేనే కలిపినాను. కుంకుమ నేనే తెచ్చినాను. మొక్కు మాత్రం నాది కాదు. ఒకరు మొక్కిన మొక్కు ఇంకొకరు తీరిస్తే దేవుడు లెక్కలో రాసుకుంటాడా అని పూజారిని అడగాలనుకున్నాను. అడగలేదు. కాదంటాడని భయం కాదు. ఎవురి మొక్కమ్మా అని తిరిగి అడుగుతాడని."

తిరుపతిలో నాది డీటీపీ షాపు. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ పెళ్ళి పత్రికలు, పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు టైపు చేస్తున్నాను. రాత్రి షట్టరు సగం దించి, అదే కంప్యూటర్ మీద ఈ నవల రాసుకున్నాను. పేజీలు నేనే పెట్టాను. ప్రచురణకర్త ఎవరూ లేరు. చీటీ పాడిన డబ్బుతో 500 కాపీలు వేయించాను. అట్ట మీద ఉన్నది మా చెంబు ఫొటోనే.

వెల 180 రూపాయలు. తిరుపతిలో ఉన్నవాళ్ళు షాపులో తీసుకోవచ్చు. బయట ఊళ్ళవాళ్ళు నాకు మెసేజ్ పెట్టండి, పోస్టు ఖర్చు నేనే పెట్టుకుంటాను.

ఆగస్టు 9, ఆదివారం, ఉదయం పది గంటలకి చంద్రగిరిలో, కోటకి పోయే దారిలో అవ్వ ఉన్న ఇంట్లోనే పుస్తకం తెరుస్తున్నాం. తిరుపతి బస్టాండులో చంద్రగిరి బస్సు ఎక్కితే సరిపోతుంది. వేదిక, ముఖ్య అతిథి, శాలువాలు ఉండవు. మొదటి అధ్యాయం మా అక్క చదువుతుంది. మధ్యాహ్నం రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి. మెట్ల పూజ చేసినవాళ్ళు, చేసిన అమ్మనో అవ్వనో ఎరిగినవాళ్ళు వస్తే ముందు వరసలో కూర్చోండి. మీరు చెప్పేది వినాలని ఉంది నాకు.

ఆ మెట్టు ఎన్నోదని మాత్రం అడగొద్దు. లెక్కపెట్టి ఉంచుకున్నాను, కానీ పుస్తకంలో కూడా రాయలేదు.

చెంబు ఆ రోజు బల్ల మీద ఉంటుంది. లోపలి అంచుకి పసుపు ఇంకా అంటుకునే ఉంది. ఎవరూ కడగలేదు.