మావయ్యా, హాయ్ పెట్టాక ఇలా చేయండి

మావయ్యా,

నిన్న ఫోన్లో మీరన్న మాటే ఇంకా చెవిలో ఉంది. "వాట్సాప్‌లో ఆ మన మిత్రకి హాయ్ అని పెట్టానమ్మా. అది నమస్కారం అంది. తర్వాత ఏం అడగాలో తెలీక ఫోన్ పక్కన పెట్టేశాను" అన్నారు. మీరు చేసిన దాంట్లో తప్పేం లేదు. ఆ తర్వాత సంగతి మీకెవరూ చెప్పలేదు, అంతే. అందుకే తీరిగ్గా రాస్తున్నా. దీన్ని స్టార్ పెట్టి ఉంచుకోండి, కావాల్సినప్పుడు మళ్లీ చూసుకోవచ్చు.

ముందు ఒక్క విషయం. మీరు Hi పెట్టిన నంబరు 9552300009 అవునో కాదో చూడండి. పేరు పక్కన టిక్కు గుర్తు కూడా ఉండాలి. అది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న వాట్సాప్‌లో మొదలుపెట్టిన ‘మన మిత్ర’, ఆఫీసుల చుట్టూ తిరక్కుండా ప్రభుత్వ పనులు ఫోన్లోనే చేసుకోవడానికి. మొదట 161 సేవలతో వచ్చింది, తర్వాత ఇంకా కలిపారు. వేరే నంబర్ నుంచి ఎవరైనా "మన మిత్ర నుంచి మాట్లాడుతున్నాం, ఓటీపీ చెప్పండి" అంటే మాత్రం వెంటనే కట్ చేసేయండి. మొహమాటం వద్దు.

ఇక అసలు సంగతి. అవతల మనిషి కూర్చుని లేడు కాబట్టి ఏం మాట్లాడాలా అని టెన్షన్ పడక్కర్లేదు. మీ Hi కి బదులుగా వచ్చిన మెసేజ్ కింద సేవలు ఎంచుకోమనే బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే శాఖల పేర్లు వరసగా వస్తాయి. మీకు కావాల్సిన దాని మీద వేలు పెడుతూ వెళ్లడమే. ఇన్నాళ్లూ మీరు ఏయే పనులకి లైన్లో నిలబడ్డారో గుర్తు చేసుకోండి. వాటిల్లో చాలా మటుకు అక్కడ కనిపిస్తాయి.

మొదటిసారి కరెంటు బిల్లుతో మొదలుపెట్టండి. పాత బిల్లు, కళ్లజోడు దగ్గర పెట్టుకున్నాకే Hi పంపండి. విద్యుత్ సేవల్లోకి వెళ్లి, బిల్లు మీద ఉన్న సర్వీస్ నంబర్ కొట్టండి. డబ్బు కట్టే ముందు ఒక్క క్షణం ఆగి, వచ్చిన పేరు చదవండి. మీ మీటరు ఇంకా తాతయ్య పేరునే ఉంది కదా, ఆయన పేరు కనిపిస్తే కంగారు పడకండి, అది మనదే. పేరు ఇంకెవరిదో అయితే ఒక అంకె అటూ ఇటూ పడినట్టు. వెనక్కి వచ్చి మళ్లీ కొట్టండి. క్రితం ఏడాది నేను పేరు చూడకుండా ఇంకో చోట ఎవరి బిల్లో కట్టేసి, ఆ డబ్బు కోసం నెల రోజులు తిరిగాను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. యూపీఐ పిన్ మీరు రోజూ వాడే పేమెంట్ యాప్‌లోనే కొట్టాలి, చాట్‌లో ఎప్పుడూ రాయకూడదు.

జీవీఎంసీ ఇంటి పన్నూ అంతే, అసెస్‌మెంట్ నంబర్ ఉంటే చాలు. ద్వారకా బస్‌స్టేషన్ నుంచి రాజమండ్రి వెళ్లాలన్నా ఆర్టీసీ టికెట్ అందులోనే తీసుకోవచ్చు. అత్తయ్యకి చెప్పండి, సింహాచలం దర్శనం టికెట్లు కూడా ఉన్నాయి.

చిన్నదాని స్కాలర్‌షిప్‌కి ఆదాయం సర్టిఫికెట్ కావాలన్నారు. ఆ దరఖాస్తు కూడా అక్కడి నుంచే పెట్టొచ్చు. కానీ పెట్టగానే సర్టిఫికెట్ చేతికి రాదు. అధికారులు వివరాలు చూసుకోవాలి, దానికి పట్టే రోజులు పడతాయి. అందుకని కాలేజీ వాళ్లిచ్చిన ఆఖరి తేదీ దాకా ఆగకండి.

మీ సందు చివర వీధి దీపం సంగతి కూడా ఫిర్యాదుగా పెట్టండి. స్తంభం ఎక్కడుందో గుర్తుగా రాయండి: ఫలానా గుడి ఎదురుగా, ఫలానా షాపు పక్కన అని. ఫిర్యాదు నంబర్ వస్తుంది, అది క్యాలెండర్ మీద రాసుకోండి. మళ్లీ అడగాలంటే ఆ నంబరే ఆధారం.

ఒంట్లో బాగోకపోతే మాత్రం ఇందులో వెతుకుతూ కూర్చోవద్దు మావయ్యా. 108కి ఫోన్ చేయండి. పోలీసులు కావాలంటే 112. కరెంటు తీగ తెగి పడితే 1912.

మధ్యలో ఎక్కడైనా తికమక పడితే ఏం పాడైపోదు. మళ్లీ Hi అని పెడితే మొదటికి వస్తుంది. ఎన్నిసార్లు పెట్టినా ఎవరూ విసుక్కోరు.

ఆదివారం నేను గాజువాక వస్తున్నా. ఈలోగా కరెంటు బిల్లు ఒక్కటి మీరే కట్టి, ఆ రసీదు నాకు ఫార్వర్డ్ చేయండి. ఇంటి పన్ను మనిద్దరం కూర్చుని కడదాం. అసెస్‌మెంట్ నంబర్ ఉన్న పాత రసీదు బీరువాలోంచి తీసి ఉంచమని అత్తయ్యకి చెప్పండి.